బిల్లు రాకముందే ఖర్చు: ఆడిట్ ఫీజు ప్రొవిజన్ లెక్క

ఆడిట్ ఫీజు బిల్లు కంపెనీ చేతికి అందేసరికి, ఆ ఫీజు ఏ సంవత్సరానిదో ఆ సంవత్సరం ముగిసి చాలాసార్లు నాలుగైదు నెలలు దాటిపోతుంది. 2025 మార్చి 31తో ముగిసిన సంవత్సరం ఖాతాల తనిఖీ ఏప్రిల్, మే నెలల్లో ఊపందుకుంటుంది. జూలైలోనో ఆగస్టులోనో ఆడిటర్ నివేదిక మీద సంతకం పెడతారు. ఆ తర్వాత బిల్లు వస్తుంది. బిల్లు వచ్చిన రోజే ఖర్చు రాసే పద్ధతి పెట్టుకుంటే 2024-25 ఖాతాల తనిఖీకి అయిన ఖర్చు 2025-26 లాభనష్టాల పట్టికలో పడుతుంది. కంపెనీల చట్టం, 2013లోని 128వ సెక్షన్ దీనికి ఒప్పుకోదు. డబ్బు చేతులు మారినప్పుడు కాకుండా, ఆదాయమైనా ఖర్చయినా ఏర్పడినప్పుడే పుస్తకాల్లోకి ఎక్కాలని ఆ సెక్షన్ చెబుతుంది. అందుకే ఆడిట్ ఫీజును అంచనా వేసి, సంవత్సరం పొడవునా నెలనెలా కొంత చొప్పున ఖర్చుగా రాస్తారు. ఎదురుగా అంత మొత్తాన్నీ బాధ్యతగా నిలుపుతారు.

ఆ బాధ్యత ఖాతాను అకౌంటెంట్లు మామూలుగా ‘ఆడిట్ ఫీజు ప్రొవిజన్’ అనే పిలుస్తారు. పాఠ్యపుస్తకాల్లో ఇది ‘చెల్లించవలసిన ఖర్చులు’ కిందికి వస్తుంది. అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 37 ఈ రెంటి మధ్యా తేడా చూపుతుంది. సేవ అంది, బిల్లు మాత్రమే రావలసి ఉంటే అది చెల్లించవలసిన ఖర్చు. ఎప్పుడు, ఎంత కట్టాలన్న దాంట్లో అనిశ్చితి బాగా ఎక్కువగా ఉంటే అది అసలైన ప్రొవిజన్. ఈ లెక్కన ఆడిట్ ఫీజు మొదటి కోవకే దగ్గర, ఎందుకంటే అందులో అనిశ్చితి కొద్దిపాటిదే. ఆఫీసుల్లో పాతుకుపోయిన ప్రొవిజన్ అన్న మాటతో పనికి ఇబ్బందేమీ లేదు.

అంతకంటే లోతైన ప్రశ్న ఒకటుంది. ఆడిటర్ పనిలో ఎక్కువ భాగం మార్చి 31 తర్వాతే జరుగుతుంది. ఆ తేదీకి ఇంకా అందని సేవకు ఫీజంతా ఆ సంవత్సరంలోనే ఎలా రాస్తారు? అమెరికాలో ఈ ప్రశ్నకు సూటి జవాబుంది: పని ఏ కాలంలో జరిగితే ఫీజు ఆ కాలానికే ఖర్చు. అక్కడి సర్టిఫైడ్ అకౌంటెంట్ల సంఘం ఇచ్చిన సలహా కూడా ఇదే. భారతదేశంలో వాడుక వేరు. ఆ సంవత్సరం ఖాతాలు ఉన్నాయి కాబట్టే ఈ ఆడిట్ తప్పదు, కనుక దాని ఖర్చు ఆ సంవత్సరానిదే అన్న వాదన ఇక్కడ స్థిరపడింది. సిద్ధాంతపరంగా అమెరికా పద్ధతికే బలం ఎక్కువ. అయినా ఏటా ఒకే పద్ధతి పాటిస్తే, ఏ దారిలో వెళ్లినా ఒక్కో సంవత్సరం మీద పడేది దాదాపు ఒక ఆడిట్ ఖర్చే. ఒక ఏడాది ఒక దారి, మరుసటి ఏడాది మరో దారి తొక్కితే మాత్రం ఒక సంవత్సరంలో రెండు ఆడిట్ల ఫీజు పడుతుంది, లేదా అసలు ఫీజే కనబడదు. ఇకపై చెప్పేదంతా ఇక్కడి వాడుకను అనుసరించే.

అంచనా గాలిలోంచి పుట్టదు. ఆడిటర్ పారితోషికాన్ని వాటాదారుల సర్వసభ్య సమావేశం నిర్ణయించాలి, లేదా ఎలా నిర్ణయించాలో ఆ సమావేశమే చెప్పాలి. కంపెనీల చట్టం 142వ సెక్షన్ చెప్పేది ఇదే. చాలా కంపెనీలు తీర్మానంలో అంకె వేయకుండా ఆ పని డైరెక్టర్ల బోర్డుకు అప్పగిస్తాయి. అప్పుడు ఆధారంగా మిగిలేవి మూడు: బోర్డు తీర్మానం, ఆడిటర్ రాసే ఎంగేజ్‌మెంట్ లెటర్, గత ఏడాది బిల్లు. ఎంగేజ్‌మెంట్ లెటర్‌ను మొదటి పేజీతో ఆపకుండా చివరిదాకా చదవాలి. ప్రయాణం, బస వంటి చేతి ఖర్చులు ఫీజులో కలిసి ఉన్నాయా, విడిగా వసూలు చేస్తారా అన్నది చాలాసార్లు ఆఖరి పేరాల్లోనే ఉంటుంది. బిల్లుకూ ప్రొవిజన్‌కూ మధ్య తేడా రావడానికి తరచూ కనిపించే కారణాల్లో ఇదొకటి.

ఉదాహరణకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు తయారుచేసే ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీని ఊహించుకోవచ్చు. 2023-24కి చట్టబద్ధ ఆడిట్, పన్ను ఆడిట్ రెండూ కలిపి రూ.3,60,000 ఫీజు అయింది. 2024 ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం మొదలయ్యేనాటికి చేతిలో ఉన్న ఆధారం ఈ అంకె ఒక్కటే. దాన్ని 12తో భాగిస్తే నెలకు రూ.30,000. ప్రతి నెలాఖరునా ఆడిట్ ఫీజు ఖాతాకు రూ.30,000 డెబిట్ చేసి, ప్రొవిజన్ ఖాతాకు క్రెడిట్ చేస్తారు. ఇలా నెలనెలా రాయడం వల్ల బ్యాంకుకో యజమానికో చూపే నెలవారీ లాభనష్టాల్లో ఫీజు సమంగా సర్దుకుంటుంది. అదే ఒక్క మార్చిలోనే మొత్తం రాస్తే, మిగతా పదకొండు నెలల లాభం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించి, మార్చి లాభం ఒక్కసారిగా తగ్గుతుంది.

సెప్టెంబరులో జరిగిన సర్వసభ్య సమావేశం తర్వాత బోర్డు 2024-25 ఫీజును రూ.3,84,000గా ఖరారు చేసింది. ఆగస్టు దాకా ఐదు నెలలకు రాసింది రూ.1,50,000. కొత్త ఫీజు ప్రకారం సెప్టెంబరు చివరికి ఆరు నెలల వాటా రూ.1,92,000 ఉండాలి. అందువల్ల సెప్టెంబరులో రాయవలసింది రూ.32,000 కాదు, రూ.42,000. ఇందులో 32 వేలు ఆ నెల వాటా, మిగతా 10 వేలు గడిచిన ఐదు నెలల్లో నెలకు రెండు వేల చొప్పున తక్కువ రాసినందుకు సరిదిద్దు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆరు నెలలకు నెలకు రూ.32,000 చొప్పున మరో రూ.1,92,000 చేరి, సంవత్సరాంతానికి మొత్తం రూ.3,84,000 అవుతుంది. కొందరు ఈ పది వేలను మిగిలిన నెలల మీద పరుస్తారు. మార్చి అంకె ఎటూ ఒకటే అవుతుంది. కానీ సెప్టెంబరు 30 నాటి బాధ్యత తక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఆ నెలలోనే సరిచేయడం మేలు.

ఇక టీడీఎస్. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 194జె సెక్షన్ ప్రకారం వృత్తి సేవల ఫీజు మీద 10 శాతం పన్ను కోయాలి. ఎప్పుడు కోయాలన్నదే ఇక్కడ ముఖ్యం. చెల్లించినప్పుడు, లేదా పుస్తకాల్లో జమ రాసినప్పుడు, ఏది ముందైతే అప్పుడు. ఆ జమ ఆడిటర్ పేరుతో ఉన్న ఖాతాకే కానక్కరలేదు. సస్పెన్స్ అని పిలిచినా, మరే పేరు పెట్టినా అది ఆయనకు జమ రాసినట్టేనని ఆ సెక్షన్ విస్పష్టంగా అంటుంది. ఆడిటర్ ఎవరో, ఫీజు ఎంతో తెలిసి కూడా, ‘ఇది ప్రొవిజనే కదా, బిల్లు వచ్చాక చూద్దాం’ అని పన్ను కోయకుండా వదిలేసిన కంపెనీలకు వడ్డీతో పాటు ఆ ఖర్చులో 30 శాతాన్ని పన్ను లెక్కలో ఒప్పుకోకపోయే ప్రమాదం ఉంటుంది. 2024-25లో ఈ సెక్షన్ కింద ఏడాదికి రూ.30,000 దాటితేనే కోత. అందుకే ఈ కంపెనీ ఏప్రిల్‌లో ఏమీ కోయలేదు. మేలో మొత్తం రూ.60,000కు చేరగానే రెండు నెలలకూ కలిపి రూ.6,000 కోసింది. మార్చి ముగిసేసరికి రూ.38,400 టీడీఎస్ ప్రభుత్వానికి చేరవలసినదిగా తేలింది. ప్రొవిజన్ ఖాతాలో ఆడిటర్‌కు ఇవ్వవలసినదిగా మిగిలింది రూ.3,45,600. ఒక నెలలో కోసిన పన్నును మరుసటి నెల 7వ తేదీలోగా, మార్చిలో కోసినదాన్ని ఏప్రిల్ 30లోగా కట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి ఈ పరిమితి రూ.50,000కు పెరిగింది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల సంఖ్యలు మారాయి కాబట్టి, ఆ తర్వాతి కాలానికి పాత సంఖ్యలు వాడకూడదు.

జీఎస్టీ దీనికి పూర్తిగా భిన్నం. ఆడిటర్ తన బిల్లులో 18 శాతం జీఎస్టీ వేస్తారు, కానీ కొనుగోలుదారుకు ఇన్‌పుట్ క్రెడిట్ ఇన్వాయిస్ ఉంటేనే వస్తుంది. అందువల్ల పూర్తి క్రెడిట్ దొరికే కంపెనీలో ప్రొవిజన్‌ను జీఎస్టీ లేకుండానే రాస్తారు. ప్రొవిజన్ ఆధారంగా ముందుగానే క్రెడిట్ తీసుకోవడం తప్పు. ఆసుపత్రి, పాఠశాల వంటి సంస్థల సంగతి వేరు. వాటి సేవల్లో చాలావరకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, కట్టిన జీఎస్టీకి క్రెడిట్ దొరకదు. అది నికరంగా ఖర్చే. అలాంటి చోట రూ.3,84,000 ఫీజుకు జీఎస్టీ రూ.69,120 కలిపి రూ.4,53,120కి ప్రొవిజన్ పెట్టాలి. లేకపోతే బిల్లు రాగానే ఆ 18 శాతం తేడా మరుసటి సంవత్సరం మీద పడుతుంది. టీడీఎస్ మాత్రం, బిల్లులో జీఎస్టీ విడిగా చూపితే, ఫీజు మీదే కోస్తే చాలు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017లోనే దీన్ని స్పష్టం చేసింది.

2025 ఆగస్టులో ఆటోనగర్ కంపెనీకి తుది బిల్లు వచ్చింది. ఫీజు రూ.4,05,000. జీఎస్టీ రూ.72,900. మొత్తం రూ.4,77,900. అనుకున్నదానికన్నా ఫీజు రూ.21,000 పెరిగింది. కంపెనీ రెండో గోదాములోని సరుకు లెక్కకు ఆడిటర్ మనుషులు అదనంగా వెళ్లవలసి వచ్చిందని, కంపెనీ ఖాతాలు ఆమోదించాకే ఆ మొత్తం మీద ఒప్పందం కుదిరిందని అనుకుందాం. ఇప్పుడు రాయవలసిన ఎంట్రీ ఇది. ప్రొవిజన్ ఖాతాకు రూ.3,45,600 డెబిట్ చేసి దాన్ని సున్నా చేస్తారు. పెరిగిన రూ.21,000ను 2025-26 ఆడిట్ ఫీజు ఖాతాకు డెబిట్ చేస్తారు. జీఎస్టీ రూ.72,900 ఇన్‌పుట్ క్రెడిట్‌కు వెళ్తుంది. ఎదురువైపు, పెరిగిన మొత్తం మీద 10 శాతం టీడీఎస్ రూ.2,100, ఆడిటర్‌కు ఇవ్వవలసిన రూ.4,37,400 క్రెడిట్ అవుతాయి. రెండువైపులా రూ.4,39,500కు సరిపోతుంది. మొత్తం బిల్లు రూ.4,77,900లోంచి రెండు విడతల టీడీఎస్ రూ.40,500 తీసేస్తే మిగిలేదీ అదే రూ.4,37,400. ఇలా రెండు దారుల్లో లెక్క కట్టి ఒకే అంకె వస్తే, ప్రొవిజన్ నుంచి బిల్లుకు మార్పు సరిగా జరిగినట్టే.

పాత సంవత్సరం పుస్తకాలు తెరిచి ఆ రూ.21,000ను అక్కడ ఎందుకు రాయరు? మార్చి 31 నాటి అంచనా అప్పటికి అందుబాటులో ఉన్న సమాచారంతో నిజాయితీగా వేసినదే. తర్వాత వచ్చిన కొత్త సమాచారంతో అంచనా మారింది. అంచనాలో మార్పు ప్రభావాన్ని మార్పు జరిగిన సంవత్సరంలోనే చూపాలని ఏఎస్ 5, ఇండ్ ఏఎస్ 8 రెండూ చెబుతాయి. దీనికి రెండు అంచులున్నాయి. ఒకటి, పెరిగిన ఫీజు సంగతి బోర్డు ఖాతాలను ఆమోదించకముందే తేలిపోతే, అది మార్చి 31 నాటి పరిస్థితి గురించి దొరికిన అదనపు సాక్ష్యం. అప్పుడు 2024-25 ప్రొవిజన్‌నే రూ.4,05,000కు సవరించాలి. ఖాతాల మీద సంతకాలకు ముందు రోజు ఆడిటర్‌ను ‘చివరి ఫీజు ఎంత వేస్తున్నారు?’ అని అడగడం చిన్న పనే, కానీ ఆ ఒక్క ప్రశ్నతో చాలా తేడాలు అక్కడికక్కడే తీరిపోతాయి. రెండు, రూ.4,05,000 అని రాసిన ఉత్తరం ఫిబ్రవరిలోనే ఆఫీసులో ఉండి, దాన్ని ఎవరూ చూడకపోతే అది అంచనాలో మార్పు కాదు, పొరపాటు. ఏఎస్ 5 పాటించే కంపెనీ దాన్ని గత కాలపు అంశంగా విడిగా చూపాలి. ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీలో మొత్తం ప్రాధాన్యం ఉన్నదైతే గత ఏడాది అంకెలనే సవరించాలి. ఇరవై ఒక్క వేలు సాధారణంగా ఆ స్థాయికి రావు. అయినా, బిల్లు ఏటా ఒకే దిశలో ఐదారు శాతం పెరుగుతూ వస్తుంటే తప్పు అంచనా వేసే పద్ధతిలోనే ఉంది. గత ఏడాది ప్రొవిజన్‌ను కాకుండా గత ఏడాది తుది బిల్లును ప్రాతిపదికగా తీసుకుంటే అది చాలావరకు సర్దుకుంటుంది.

బిల్లు తక్కువగా రావడం అరుదు. వస్తే లెక్క తిరగబడుతుంది. అదే కంపెనీకి రూ.3,70,000 ఫీజుకు బిల్లు వచ్చిందనుకుంటే రూ.14,000 మిగులు. ఇది కొత్త సంవత్సరంలో ఆడిట్ ఫీజు ఖాతాకే క్రెడిట్ అవుతుంది, లేదా ‘అవసరం లేని ప్రొవిజన్ వెనక్కి’ అన్న పేరుతో ఇతర ఆదాయంలో చేరుతుంది. జీఎస్టీ రూ.66,600 కలిపి, అప్పటికే కోసిన రూ.38,400 తీసేస్తే ఆడిటర్‌కు చెల్లించేది రూ.3,98,200. తక్కువ బిల్లు వల్ల టీడీఎస్‌లో ఒక చిన్న ముడి మిగులుతుంది. రూ.3,70,000 మీద పన్ను రూ.37,000 చాలు, కట్టింది రూ.1,400 ఎక్కువ. ఆడిటర్ ఫారం 26ఏఎస్‌లో కంపెనీ చూపిన ఫీజు, ఆయన బిల్లు కన్నా రూ.14,000 ఎక్కువగా కనిపిస్తుంది. కంపెనీ ఈ తేడాను ఆయనకు రాతపూర్వకంగా తెలియజేసి, రికార్డులో ఉంచుకోవాలి.

ఇతర వృత్తి సేవల ఫీజుల్లో నెలకు పన్నెండో వంతు అన్న సూత్రం అన్నిచోట్లా పనికిరాదు. నెలజీతంలా రిటైనర్ తీసుకునే పన్ను సలహాదారుకు అది సరిపోతుంది. హైకోర్టులో కేసు నడిపే న్యాయవాది విషయంలో సరిపోదు. అక్కడ ఫీజు వాయిదాలకూ, రాసిన పత్రాలకూ కట్టుబడి ఉంటుంది. మూడు నెలలు కదలని కేసుకు నెలనెలా ప్రొవిజన్ రాస్తూ పోతే అందని సేవకు ఖర్చు రాసినట్టవుతుంది. ఇక్కడ సరైన దారి మార్చి చివరి వారంలో ఒక ఉత్తరం రాసి, ‘31వ తేదీ వరకు చేసిన పనిలో ఇంకా బిల్లు వేయనిది ఎంత?’ అని అడగడమే. కేసు గెలిస్తేనే ఇచ్చే ఫీజును గెలుపు సంభావ్యం అయ్యేదాకా రాయరు. కొన్ని ఫీజులు అసలు లాభనష్టాల పట్టికకే రావు. ఫ్యాక్టరీ స్థలం కొనుగోలుకు హక్కు పత్రాలు పరిశీలించిన న్యాయవాది ఫీజు ఆ స్థలం ఖరీదులో భాగం. దాని ప్రొవిజన్ స్థలం ఖాతాకు డెబిట్ అవుతుంది, తుది బిల్లులో వచ్చే తేడా కూడా అక్కడికే పోతుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది ప్రొవిజన్ పెట్టేటప్పుడు కాదు, బిల్లు వచ్చినప్పుడు. బిల్లులు ఎక్కించే గుమాస్తాకు ప్రొవిజన్ సంగతి తెలియకపోతే, రూ.4,05,000 మొత్తాన్నీ ఆడిట్ ఫీజు ఖాతాకే డెబిట్ చేస్తాడు. ప్రొవిజన్ అలాగే నిలిచిపోతుంది. ఒకే ఆడిట్ రెండుసార్లు ఖర్చవుతుంది. టీడీఎస్ కూడా రెండోసారి కోసే అవకాశముంది. కొత్త సంవత్సరానికి నెలకు రూ.32,000 చొప్పున రాస్తున్నారనుకుంటే, ఆగస్టు చివరికి ఆ ఖాతాలో రూ.1,60,000తో పాటు రూ.21,000 తేడా మాత్రమే ఉండాలి. దానికి బదులు రూ.5,65,000 కనిపిస్తే కారణం ఇదే. మరో గుర్తు ప్రొవిజన్ ఖాతాలోనే దొరుకుతుంది. ఆ ఖాతా మొత్తాన్ని సంవత్సరం వారీగా, వ్యక్తి వారీగా విడగొట్టగలగాలి. 2021-22 నాటి మొత్తం ఏదో కదలకుండా పడి ఉంటే రెండే అవకాశాలు: బిల్లు నేరుగా ఖర్చులో రాసేశారు, లేదా ఆ పని అసలు జరగలేదు. ఏది నిజమో సంబంధిత వృత్తి నిపుణుడి నుంచి బాకీ ధ్రువీకరణ తెప్పించుకుంటే తేలుతుంది. బాకీ లేదని జవాబు వస్తే ఆ మొత్తాన్ని వెనక్కి తీసుకోవాలి. పాత ప్రొవిజన్లను ‘ఎప్పుడైనా పనికొస్తాయి’ అని దాచుకోవడం లాభాన్ని ఒక ఏడాది నుంచి మరో ఏడాదికి తరలించడమే, చట్టబద్ధమైన ఖాతాల్లో దానికి చోటు లేదు.

ఆదాయపు పన్ను లెక్కలో సరిగా వేసిన ఆడిట్ ఫీజు ప్రొవిజన్‌ను ఖర్చుగా ఒప్పుకుంటారు. బాధ్యత ఏర్పడటం ఖాయమైతే, కచ్చితమైన మొత్తం తర్వాత తేలేదైనా, సహేతుకంగా అంచనా వేయగలిగితే ఆ ఖర్చును అనుమతించాలని సుప్రీంకోర్టు 2000లో భారత్ ఎర్త్ మూవర్స్ కేసులో చెప్పింది. ఆ కేసు ఉద్యోగుల సెలవుల నగదుకు సంబంధించినది, సూత్రం మాత్రం ఇక్కడికీ వర్తిస్తుంది. ఏ ఆధారమూ లేకుండా గుండ్రంగా ఐదు లక్షలు రాసిన ప్రొవిజన్‌కు ఈ రక్షణ దొరకదు. తీర్మానం ప్రతి, ఎంగేజ్‌మెంట్ లెటర్, గత బిల్లు, నెలవారీ లెక్క కాగితం ఒకే ఫైలులో ఉంటే అధికారి అడిగినప్పుడు జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఆర్థిక నివేదికలో ఇది కనిపించే చోటు మరొకటుంది. షెడ్యూల్ 3 ప్రకారం ఆడిటర్‌కు అయిన చెల్లింపులను నోట్‌లో విడదీసి చూపాలి: ఆడిటర్ హోదాలో ఎంత, పన్ను విషయాలకు ఎంత, కంపెనీ చట్ట విషయాలకు ఎంత, ఇతర సేవలకు ఎంత, చేతి ఖర్చులకు ఎంత అని. నెలనెలా ఒకే ఖాతాలో రూ.32,000 రాసుకుంటూ పోయిన కంపెనీ మార్చిలో ఈ విభజన కోసం ఇబ్బంది పడుతుంది. రూ.3,84,000లో చట్టబద్ధ ఆడిట్ వాటా రూ.3,20,000, పన్ను ఆడిట్ వాటా రూ.64,000 అయితే, ఏప్రిల్ నుంచే రెండు ఉపఖాతాలు తెరవడం తేలిక. గత ఏడాది ప్రొవిజన్‌కూ బిల్లుకూ మధ్య తేడా రూ.21,000 కూడా 2025-26 నోట్‌లో ఆడిటర్ ఫీజు వరుసలోనే చేరుతుంది. ఆ అంకె ఎందుకు పెరిగిందని వాటాదారు అడిగితే, అందులో గత సంవత్సరానిది ఎంతో చెప్పగలిగేలా ఆ ఎంట్రీ వివరణలో బిల్లు నంబరు, తేదీ, సంవత్సరం రాసి ఉంచుతారు.